తాళం వేసిన ఇల్లు ఏ లెక్కలోకి వస్తుంది? సర్వే రిపోర్టులో రెస్పాన్స్ రేటు కథ

థీసిస్‌లో ఫలితాల అధ్యాయం మొదలుపెట్టగానే "రెస్పాన్స్ రేటు 97 శాతం" అని ఒక్క వాక్యం కనిపిస్తుంది. ఆ వెంటనే వయసు, చదువు, ఆదాయం పట్టికలు వచ్చేస్తాయి. 97 ఎలా వచ్చింది, హారంలో ఏ అంకె పెట్టారు అన్న వివరం ఎక్కడా ఉండదు. వైవాలో ఎగ్జామినర్ అడిగితే తప్ప ఆ ప్రశ్న ఎవరికీ గుర్తుకు రాదు. చిక్కేమిటంటే, అదే ఫీల్డ్ డైరీ పట్టుకుని, ఒక్క అబద్ధం కూడా ఆడకుండా, 97 అనీ రాయొచ్చు, 60 అనీ రాయొచ్చు.

క్రాస్ సెక్షనల్ సర్వే అంటే ఒక్కొక్కరినీ ఒక్కసారే చూసి, ఆ సమయానికి ఎవరికి ఏముందో రాసుకునేది. మళ్ళీ వాళ్ళ దగ్గరికి వెళ్ళడం ఉండదు. కాబట్టి ఆ ఒక్కసారికి ఎవరు దొరికారు, ఎవరు దొరకలేదు అన్నదాని మీదే ఫలితం నిలుస్తుంది. ఇలాంటి అధ్యయనాల రిపోర్టులో ఏమేం ఉండాలో చెప్పే మార్గదర్శకమే స్ట్రోబ్. 2007లో ప్రచురితమైంది. మొత్తం 22 అంశాలు. వాటిలో 18 కోహార్ట్, కేస్ కంట్రోల్, క్రాస్ సెక్షనల్ మూడింటికీ ఒకటే. మిగతా నాలుగు, అంటే 6, 12, 14, 15, అధ్యయనం రకాన్ని బట్టి కొద్దిగా మారతాయి.

22 అంశాలనూ ఇక్కడ ఏకరువు పెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. టైటిల్‌లోనో అబ్‌స్ట్రాక్ట్‌లోనో క్రాస్ సెక్షనల్ అన్న మాట ఉండాలి లాంటివి ఎవరైనా చూసి సరిచేసుకోగలరు. తేలిగ్గా తప్పించుకునేవి రెండున్నాయి. ఒకటి 13వ అంశం: ప్రతి దశలోనూ ఎంతమంది మిగిలారు, రానివాళ్ళు ఎందుకు రాలేదు అన్నది అంకెలతో చెప్పాలి, వీలైతే ఫ్లో చార్ట్ వేయాలి. రెండోది 19వ అంశం: ఫలితంలో పక్షపాతం ఉండే అవకాశముంటే అది ఏ వైపుకి, ఎంత అన్నది చర్చించాలి. 13కి సరిగ్గా జవాబు రాయనివాళ్ళు 19కి జవాబు రాయలేరు. ఈ రెంటి మధ్య దారి ఎలా ఉంటుందో చూడటానికి ఒక సర్వేని చివరిదాకా లెక్కకట్టి చూద్దాం.

ఒక వార్డు, 600 ఇళ్ళు

విశాఖపట్నంలో సముద్రం ఒడ్డున ఒక వార్డు అనుకుందాం. ఒక పక్క జాలరి వీధులు, ఇంకో పక్క అపార్ట్‌మెంట్లు. కొందరు స్టీల్‌ప్లాంట్‌లో ఎ, బి, సి షిఫ్టులకు వెళ్తారు. కొందరు తెల్లవారకముందే కంపెనీ బస్సెక్కి పరవాడ వైపు ఫార్మా కంపెనీలకు వెళ్ళిపోతారు. అక్కడ 30 ఏళ్ళు దాటినవాళ్ళలో బీపీ ఎంతమందికి ఉందో చూడాలని ఒక పీజీ డాక్టరమ్మ థీసిస్ పెట్టుకుంది. కొలిచినప్పుడు 140/90 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉన్నా, ఇప్పటికే మాత్రలు వాడుతున్నా బీపీ ఉన్నట్టే లెక్క. ఇక్కడినుంచి వచ్చే అంకెలన్నీ లెక్క అర్థం కావడానికి వేసుకున్నవే, ఏ వార్డులోనూ కొలిచినవి కావు.

ఇళ్ళ జాబితా నుంచి వరస తప్పకుండా 600 ఇళ్ళు తీసింది. ఒక్కో ఇంట్లో 30 దాటిన వాళ్ళ పేర్లు చీటీలు రాసి, ఒక చీటీ తీసి, ఆ మనిషినే అడగాలని నియమం. ఒక్కో ఇంటికి మూడుసార్లు వెళ్ళాలి, అందులో ఒకసారి తప్పకుండా ఆదివారం.

డైరీలో చివరికి తేలింది ఇది. 600లో 30 అసలు ఇళ్ళే కావు. జాబితా పాతది, అవి ఇప్పుడు షాపులో గోడౌన్లో అయిపోయాయి. మిగిలిన 570లో 45 ఇళ్ళ సంగతి మూడుసార్లు వెళ్ళినా తేలలేదు. కొన్నింటికి తాళం, కొన్ని అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్ గేటు దాటనివ్వలేదు. తలుపు తీసిన 525 ఇళ్ళలో 15 ఇళ్ళలో 30 దాటినవాళ్ళే లేరు, చదువుకునే పిల్లలు అద్దెకుంటున్న గదులవి. అలా 510 ఇళ్ళలో చీటీ తీసి 510 మందిని ఎంచుకున్నారు.

ఆ 510 మందిలో 62 మంది వద్దన్నారు. 70 మంది మూడుసార్లలో ఒక్కసారీ ఇంట్లో దొరకలేదు. 8 మంది మాట్లాడే స్థితిలో లేనంత జబ్బుతో ఉన్నారు. 370 మంది ఒప్పుకుని ప్రశ్నలకు జవాబులిచ్చారు. వాళ్ళలో 10 మంది ప్రశ్నలయ్యాక బీపీ చూపించుకోకుండా లేచిపోయారు. బీపీ కొలిచింది 360 మందికి. అందులో 108 మందికి బీపీ ఉంది. అంటే 30 శాతం.

ఇప్పుడు రెస్పాన్స్ రేటు ఎంత?

లవంలో 360 పెట్టి, హారంలో ఒప్పుకున్న 370 పెడితే 97 శాతం. అందరినీ అబ్బురపరిచే అంకె ఇలాగే పుడుతుంది. నిజానికి అది ఒప్పుకున్నవాళ్ళలో పరీక్ష పూర్తయినవాళ్ళ శాతం మాత్రమే. ముఖాముఖి కలిసి అడగగలిగినవాళ్ళనే లెక్కేసుకుంటే, అంటే 370ని, వద్దన్న 62 మందిని కూడా కలిపిన 432తో భాగిస్తే, 86 శాతం. దీన్ని సహకార రేటు అనొచ్చు. దొరకని 70 మందినీ, జబ్బుతో ఉన్న 8 మందినీ ఇది పక్కన పెట్టేసింది. ఎంచుకున్న 510 మందితో 360ని భాగిస్తే 71. సంగతి తేలని 45 ఇళ్ళలోనూ అర్హులుండే ఉంటారని వాటిని కూడా హారంలో కలిపితే 65. జాబితాలోని 600తోనే భాగిస్తే 60.

వీటిలో తప్పు అంకె అంటూ ఏదీ లేదు, తప్పు పేరు పెట్టడమే ఉంది. 97కి "రెస్పాన్స్ రేటు" అని పేరు పెట్టడం మాత్రం సమర్థించుకోలేని పని. షాపులు, గోడౌన్లు హారంలో ఉంచడం మరీ చాదస్తం, కాబట్టి 60 కూడా వద్దు. చర్చంతా 71, 65 మధ్యే. తాళం వేసిన ఇంట్లో అర్హులున్నారో లేదో తెలియదు. అమెరికన్ అసోసియేషన్ ఫర్ పబ్లిక్ ఒపీనియన్ రీసెర్చ్ వాళ్ళు ఈ చిక్కు గురించే ఆరు రకాల రెస్పాన్స్ రేట్లు నిర్వచించి పెట్టారు. తేలని ఇళ్ళన్నిటినీ హారంలో కలిపేది ఒకటి, వాటిలో ఎన్నింట్లో అర్హులుండొచ్చో అంచనా వేసి అంతవరకే కలిపేది ఇంకొకటి, అసలు కలపనిది మరొకటి. మన లెక్కలో తలుపు తీసిన ఇళ్ళలో 97 శాతం ఇళ్ళలో అర్హులున్నారు కాబట్టి తేలని 45లోనూ దాదాపు 44 కలపాలి. అప్పుడూ 65 శాతమే వస్తుంది. అందువల్ల రిపోర్టులో రెండూ రాయడం మేలు: "ఎంపికైనవారిలో 71 శాతం, సంగతి తేలని ఇళ్ళను కూడా కలిపితే 65 శాతం." రెండు అంకెలకూ లవమేదో హారమేదో అక్కడే ఉండాలి. చదివేవాడు తనకు నచ్చిన హారంతో తానే లెక్కేసుకోగలిగితే 13వ అంశానికి న్యాయం జరిగినట్టే.

ఇంత వివరం రాయాలంటే ఫీల్డ్‌లో ఉన్నప్పుడే రాసుకోవాలి. తాళం, వాచ్‌మన్ ఆపడం, ఇంట్లో లేకపోవడం, వద్దనడం, ఇవన్నీ డైరీలో "నాన్ రెస్పాండర్" అని ఒకే గడిలో పడిపోతే ఆర్నెల్ల తర్వాత గైడ్ అడిగినప్పుడు విడదీయడం ఎవరి తరమూ కాదు. ఇంటికొక వరస, ఆ వరసలో మూడు గడులు, ఒక్కో గడిలో తేదీ, టైము, ఏం జరిగిందో ఒక కోడ్. అంతకుమించి అక్కర్లేదు.

ఈ కోడ్‌ల వెనక మాటలు కూడా కొన్నిసార్లు పనికొస్తాయి. జాలరి వీధిలో ఒక ఇంటి గడప మీద చేపలు శుభ్రం చేసుకుంటూ ఆవిడ తలెత్తకుండానే అంటుంది: "బోటు మీదున్నాడు డాక్టరమ్మా, ఎప్పుడొస్తాడో ఏటో." నాలుగు వీధులవతల అపార్ట్‌మెంట్‌లో ఒకాయన తలుపు సగమే తెరిచి, "మా డాక్టర్ గారు ఉన్నారండీ, నెలనెలా చూపించుకుంటాం, అవసరం లేదు" అని మూసేస్తాడు. ఇద్దరూ సర్వేలో లేరు. కానీ మొదటి మనిషి దొరకలేదు, రెండో మనిషి ఒప్పుకోలేదు. మొదటి మనిషికి బీపీ ఉందో లేదో బహుశా అతనికే తెలియదు. రెండో ఆయనకు ఉండే అవకాశమే ఎక్కువ. ఇద్దర్నీ ఒకే గంపలో వేస్తే పక్షపాతం ఏ వైపుకి ఉందో చెప్పడం ఎప్పటికీ కుదరదు.

ఏ రోజుల్లో సర్వే జరిగిందో రాయమని 5వ అంశం అడిగేదీ ఇందుకే. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్లకు వేట నిషేధం. ఆ రోజుల్లో వెళ్తే బోటు మీదుండాల్సిన మనిషి వీధి అరుగు మీద దొరుకుతాడు. సంక్రాంతి వారంలో వెళ్తే శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్ళ ఇళ్ళకు తాళాలుంటాయి. "మూడు నెలలపాటు" అని రాస్తే ఇదంతా పోతుంది. నెలా సంవత్సరమూ ఉంటే ఊరు తెలిసినవాళ్ళు మిగతాది తామే ఊహించుకుంటారు.

పక్కింటికి వెళ్తే పోయేదేముంది?

చాలా ప్రొఫార్మాల్లో ఒక నియమం ఉంటుంది: "ఇల్లు తాళం వేసి ఉంటే పక్క ఇంటిని తీసుకోవాలి." ఇలా చేస్తే అనుకున్న సంఖ్య నిండుతుంది, రెస్పాన్స్ రేటు నూటికి నూరు రాసుకోవచ్చు. టెన్షన్ ఉండదు.

కానీ పక్కింట్లో దొరికేది ఎవరు? పగలు పదకొండు గంటలకు ఇంట్లో ఉన్నవాళ్ళు. పోయిందేమో డ్యూటీకి వెళ్ళినవాళ్ళు. ఆటో తోలే నలభై ఏళ్ళ మనిషికి బదులు రిటైరైన అరవై అయిదేళ్ళ మాస్టారు వచ్చి చేరతాడు. సంఖ్య తగ్గలేదు కానీ మనుషులు మారిపోయారు. పక్షపాతం తగ్గకపోగా, దాన్ని పట్టుకునే దారి కూడా మూసుకుపోయింది. ఎందుకంటే ఎవరు రాలేదో ఇప్పుడు రికార్డే లేదు. ప్రత్యామ్నాయంగా ఇళ్ళు తీసుకున్నట్టయితే ఎన్ని తీసుకున్నారో రాయాలి, మొదట ఎంపికైన ఇల్లు మాత్రం హారంలోంచి కదలకూడదు.

శాంపిల్ సైజు లెక్కలో "నాన్ రెస్పాన్స్ కోసం 10 శాతం కలిపాం" అన్న వాక్యానిదీ ఇదే తంతు. 30 శాతం ఉంటుందనుకుని, 5 శాతం అటూఇటూ తేడా ఒప్పుకుంటే 323 మంది కావాలి. 10 శాతం రారనుకుంటే 359 మందిని పెట్టుకోవాలి. అలా కలపడం వల్ల చివరికి 323 మంది మిగులుతారు, అంతవరకే. ఆ 323 మంది ఎవరన్నదానికి ఆ 10 శాతం ఏ పూచీ ఇవ్వదు. ఎక్కువమందిని పెట్టుకుంటే కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ ఇరుకవుతుంది, తప్పు అంకె చుట్టూ ఇరుకైనా సరే.

రేటు ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు

రెస్పాన్స్ రేటు ఇంత ఉంటే చాలు అని స్ట్రోబ్ ఎక్కడా గీత గీయలేదు. 60 అనో 70 అనో చెప్పుకునేవన్నీ అలవాటు మీద వచ్చినవే. పక్షపాతం ఎంతో చెప్పే లెక్క చాలా చిన్నది:

```
పక్షపాతం = రానివారి వాటా × (వచ్చినవారిలో శాతం − రానివారిలో శాతం)
```

రెస్పాన్స్ రేటు ఇందులో మొదటి సగమే. నూటికి 90 మంది వచ్చినా, రాని పదిమందికీ వచ్చినవాళ్ళకీ మధ్య తేడా 40 శాతం ఉంటే అంకె 4 పాయింట్లు పక్కకు జరుగుతుంది. 60 మందే వచ్చినా తేడా 5 శాతమే ఉంటే జరిగేది 2 పాయింట్లు. కాబట్టి "మా రేటు ఎక్కువ, పక్షపాతం లేదు" అన్న మాట గానీ, "రేటు తక్కువ, ఈ పేపర్ పనికిరాదు" అన్న మాట గానీ రెండో సగం చూడకుండా అనేవే.

మన వార్డులో బీపీ కొలవనివాళ్ళు 510లో 150 మంది, అంటే 29 శాతం. వాళ్ళలో ఒక్కరికీ బీపీ లేదనుకుంటే నిజమైన శాతం 21. అందరికీ ఉందనుకుంటే 51. ఏ ఊహా లేకుండా చెప్పగలిగింది అంతే: 21కీ 51కీ మధ్య. రిపోర్టులో మామూలుగా రాసే కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ 25 నుంచి 35. ఆ ఇరుకైన ఇంటర్వెల్ శాంపిల్ తీయడంలో వచ్చే అటూఇటూని మాత్రమే చెబుతుంది, రానివాళ్ళ గురించి దానికి ఏమీ తెలియదు. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే ఒక్కసారి గుండె ఝల్లుమంటుంది. అయితే 150 మందిలో ఒక్కరికీ బీపీ లేకపోవడం, అందరికీ ఉండటం రెండూ జరిగేవి కావు. మధ్యలో ఎక్కడో చెప్పడానికి ఆధారాలు వెతకాలి.

మొదటి ఆధారం, వచ్చినవాళ్ళనీ రానివాళ్ళనీ తెలిసిన వివరాలతో పోల్చడం. రానివాళ్ళ బీపీ తెలియకపోయినా, చీటీ తీసేటప్పుడే ఆడా మగా, వయసెంత అన్నది ఇంట్లోవాళ్ళు చెప్పారు. ఎంపికైన 260 మంది ఆడవాళ్ళలో 220 మంది వచ్చారు, 85 శాతం. 250 మంది మగవాళ్ళలో వచ్చింది 140, అంటే 56 శాతమే. ఇది వింతేమీ కాదు. దేశమంతా తిరిగి చేసే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో కూడా, అంటే 2019-21లో, ఆడవాళ్ళలో 97 శాతం, మగవాళ్ళలో 92 శాతం జవాబిచ్చారు. ఆ సర్వే ఇళ్ళ రేటు వేరుగా, మనుషుల రేటు వేరుగా ఇస్తుంది, చూసి నేర్చుకోవలసిన పద్ధతి.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. మన లెక్కలో వచ్చిన ఆడవాళ్ళలో 55 మందికి, అంటే 25 శాతానికి బీపీ ఉంది. వచ్చిన మగవాళ్ళలో 53 మందికి, దాదాపు 38 శాతానికి ఉంది. మగవాళ్ళు తక్కువ వచ్చారు, వాళ్ళలో బీపీ ఎక్కువ. కాబట్టి మన 30 శాతం తక్కువ అంచనా అని వెంటనే తేల్చేస్తారు. ఎంపికైన ఆడామగా నిష్పత్తికి సరిపోయేలా వెయిట్ వేస్తే నిజంగానే 31.3 వస్తుంది. చర్చలో "అసలు శాతం ఇంకా ఎక్కువే ఉండొచ్చు" అని రాసేసి ఊపిరి పీల్చుకుంటారు.

కాస్త ఆగి, ఆ 140 మంది మగవాళ్ళు ఎవరో చూడాలి. ఎంపికైన 250 మందిలో 30 నుంచి 49 ఏళ్ళవాళ్ళు 150 మంది. వాళ్ళలో దొరికింది 60 మందే, అందులో 15 మందికి బీపీ. 50 దాటినవాళ్ళు 100 మంది. వాళ్ళలో 80 మంది దొరికారు, 38 మందికి బీపీ. అంటే మగవాళ్ళలో 38 శాతం అన్నది ఎక్కువగా ఇంట్లో ఉండే పెద్దవాళ్ళ అంకె. వయసు కూడా కలిపి వెయిట్ వేస్తే మగవాళ్ళ శాతం 34కి దిగుతుంది. ఆడవాళ్ళలో చిన్నవాళ్ళూ పెద్దవాళ్ళూ సమానంగానే వచ్చారనుకుంటే వాళ్ళ 25 అలాగే ఉంటుంది. మొత్తం 29.4. ఆడా మగా ఒక్కటే చూస్తే 30 నుంచి పైకి వెళ్ళిన అంకె, వయసు కూడా చూసేసరికి 30 కిందకి దిగింది. పక్షపాతం ఎంత అన్నది తర్వాత, అది ఏ వైపు అన్నదే మారిపోయింది.

వెయిట్ వేయడం అంటే రాని నలభై ఏళ్ళ మగవాడు, వచ్చిన నలభై ఏళ్ళ మగవాడిలాగే ఉంటాడని ఒప్పుకోవడం. బోటు మీదున్న మనిషీ, సి షిఫ్టు చేసి పగలు నిద్రపోతున్న మనిషీ, ఇంట్లో దొరికిన మనిషీ ఒక్కలాంటివాళ్ళేనా అన్న ప్రశ్న వెయిట్లతో తీరదు.

రెండో ఆధారం డైరీలోనే ఉంది: ఎవరు ఎన్నోసారికి దొరికారు. మొదటిసారికే దొరికిన 210 మందిలో 72 మందికి బీపీ, 34 శాతం. రెండోసారి దొరికిన 90 మందిలో 24, అంటే 27 శాతం. మూడోసారి, ఎక్కువగా ఆదివారాలు, దొరికిన 60 మందిలో 12, అంటే 20 శాతం. దొరకడం కష్టమవుతున్నకొద్దీ బీపీ శాతం తగ్గుతోంది. బీపీ కొలవనివాళ్ళంతా మూడోసారి దొరికినవాళ్ళలాంటివాళ్ళే అనుకుంటే, 150 మందిలో 30 మందికి బీపీ ఉంటుంది, మొత్తం శాతం 27కి వస్తుంది. ఒక్కసారే తిరిగి వచ్చేసి ఉంటే థీసిస్‌లో 34 శాతం అని రాసేవారు. రెండోసారి, మూడోసారి తిరగడం వల్ల వచ్చిన లాభం ఆ నాలుగు పాయింట్లు.

ఈ ఆధారానికీ హద్దుంది. మూడోసారి దొరికినవాళ్ళు తీరిక లేనివాళ్ళు. వాళ్ళు దొరకని 70 మందికి పోలికేమో గానీ, తలుపు మూసేసిన 62 మందికి కాదు. మంచం మీదున్న 8 మందికి అసలే కాదు, వాళ్ళలో బీపీ ఎక్కువే ఉండొచ్చు.

మూడో ఆధారం కొంచెం శ్రమ. వద్దన్నవాళ్ళని బతిమాలకుండా, గడప మీదే గానీ ఫోన్‌లో గానీ ఒక్క ప్రశ్న అడగడం: బీపీ ఉందని డాక్టర్ ఎప్పుడైనా చెప్పారా? ఎథిక్స్ కమిటీకి ఇచ్చిన ప్రోటోకాల్‌లో ఇది ముందే ఉండాలి, వద్దన్న మనిషిని తర్వాత మన ఇష్టానికి మళ్ళీ కదిలించకూడదు. 150 మందిలో 50 మంది జవాబిచ్చారనుకుందాం, 6 మంది అవునన్నారు, 12 శాతం. పరీక్షకు వచ్చిన 360 మందిలో తమకు బీపీ ఉందని ముందే తెలిసినవాళ్ళు 72 మంది, 20 శాతం. ఇదీ అటువైపే చూపిస్తోంది, అంటే ఉచితంగా బీపీ చూస్తారంటే ఉన్నవాళ్ళే ముందుకొచ్చినట్టు. కానీ తెలిసిన బీపీ వేరు, ఉన్న బీపీ వేరు. ఎప్పుడూ చూపించుకోని మనిషి "లేదు" అనే అంటాడు. 12కీ 20కీ తేడాలో కొంత ఆ తెలియకపోవడం వల్లే వచ్చి ఉంటుంది.

మాదిరి తీయడంలో ఇంకో మెలిక ఉంది, దాని పని 12వ అంశం కింద. ఇంటికి ఒక్కరినే తీసినప్పుడు, ఇద్దరే పెద్దవాళ్ళున్న ఇంట్లో మనిషికి ఎంపికయ్యే అవకాశం సగం. అయిదుగురున్న ఉమ్మడి కుటుంబంలో అయిదో వంతు. దీనికి వేసే వెయిట్ వేరు, రానివాళ్ళకోసం వేసేది వేరు. రెండూ వేస్తే రెండిటి పేర్లూ విడివిడిగా రాయాలి. పైన చూపిన లెక్కల్లో ఆ మొదటి వెయిట్ కలపలేదు, కలిపితే అంకెలు ఇంకాస్త కదులుతాయి.

గూగుల్ ఫామ్ చేసి వాట్సాప్ గ్రూపుల్లో పడేసే సర్వేల సంగతి వేరు. ఆ లింక్ ఎంతమందికి చేరిందో తెలియదు, కాబట్టి హారమే లేదు. 412 జవాబులు వచ్చాయి అని రాసి, రెస్పాన్స్ రేటు లెక్కకట్టడం సాధ్యం కాదని అక్కడే చెప్పేయడం తప్ప వేరే మార్గం లేదు. గ్రూపు సభ్యుల మొత్తాన్ని హారంగా పెట్టి ఏదో ఒక శాతం తేల్చడం కన్నా అదే నయం.

చర్చలో ఏం రాయాలి

"రెస్పాన్స్ రేటు తక్కువగా ఉండటం ఈ అధ్యయనానికి ఒక పరిమితి" అని ఒక్క వాక్యం రాసి వదిలేస్తే 19వ అంశం తీరినట్టు కాదు. అది ఏ థీసిస్‌లోనైనా అతికించవచ్చు. చెక్‌లిస్ట్‌లో 19 పక్కన పేజీ నంబర్ వేసేసినా పని అయినట్టు కాదు. స్ట్రోబ్ మార్కులేసే కొలబద్ద కాదు, 22కి 20 వచ్చాయని చెప్పుకోవడానికి పెట్టలేదు. ఈ వార్డు సర్వేకి రాయాల్సిన పేరా ఇలా ఉండొచ్చు:

"ఎంపికైన 510 మందిలో 360 మందికి (71 శాతం) బీపీ కొలవగలిగాం, సంగతి తేలని 45 ఇళ్ళను కలిపితే ఇది 65 శాతం. కొలవనివారిలో 70 మంది ఇంట్లో దొరకలేదు, 62 మంది నిరాకరించారు, 8 మంది తీవ్ర అనారోగ్యంతో ఉన్నారు, 10 మంది ప్రశ్నల తర్వాత పరీక్షకు ఒప్పుకోలేదు. 30 నుంచి 49 ఏళ్ళ పురుషుల్లో పాల్గొన్నవారు 40 శాతమే. కొలిచినవారిలో బీపీ 30 శాతం. ఆడామగా, వయసులకు సరిచేస్తే 29 శాతం. మూడోసారి వెళ్ళినప్పుడు దొరికినవారిలో బీపీ 20 శాతమే ఉండటాన్ని బట్టి, కొలవనివారంతా అలాంటివారే అయితే మా అంచనా 3 పాయింట్ల వరకు ఎక్కువగా ఉండి ఉండొచ్చు. నిరాకరించినవారిలో ఇప్పటికే చికిత్సలో ఉన్నవారు ఎక్కువమంది ఉంటే ఈ దిశ మారుతుంది. దాన్ని తేల్చే సమాచారం మా దగ్గర లేదు."

జర్నల్‌కు ఇది పొడుగనిపిస్తే కారణాల వాక్యాన్ని ఫ్లో చార్ట్‌లోకి పంపొచ్చు. 40 శాతం వాక్యం మాత్రం కదపకూడదు. అబ్‌స్ట్రాక్ట్‌లో కూడా 30 పక్కన 71 ఉండాలి, చాలామంది చదివేది అదొక్కటే కాబట్టి. ఇక 21వ అంశం, అంటే ఈ ఫలితం ఇంకెవరికి వర్తిస్తుంది అన్నది: వార్డులోని ఆడవాళ్ళకూ, 50 దాటిన మగవాళ్ళకూ కొంత ధైర్యంగా చెప్పొచ్చు. 30 నుంచి 49 ఏళ్ళ మగవాళ్ళలో ఎంపికైనవాళ్ళు 150, బీపీ కొలిచింది 60 మందికి. వాళ్ళ 25 శాతాన్ని పట్టికలో వేసి, పక్కన 60/150 అని రాసి, దాని మీద వేరే వాదన ఏదీ కట్టకుండా వదిలేయాలి.